40 బై 24 కొట్టానికి రేకులు 35 చాలా, 52 కావాలా?

"అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. బర్లకు రేకుల కొట్టం వేద్దామనుకుంటున్న. పొడుగు 40 ఫీట్లు, వెడల్పు 24 ఫీట్లు, రెండు దిక్కుల వాలు. పక్క పోళ్లు 9 ఫీట్లు, నడుమ కొప్పు 13 ఫీట్లు. కలర్ రేకులే వేస్తున్న. షాపాయన 8 ఫీట్ల రేకులు 35 చాలన్నడు, కాగితం మీద లెక్క కూడా చేసి చూపించిండు. వెల్డర్ మాత్రం 52 తెమ్మంటుండు. 17 రేకుల తేడా అంటే చిన్న పైసలు కాదు గదా. ఎవరి మాట నమ్మాలె? ముగ్గు పోసినం గని పోళ్లు ఇంకా పాతలేదు. రేకు వెడల్పు మూడున్నర ఫీట్లు అని చెప్పిన్రు."

తమ్మీ, 8 ఫీట్ల రేకులే వేసేటట్టయితే వెల్డర్ చెప్పిన 52 నిజం. షాపాయన చెప్పిన 35 తెచ్చుకుంటే ఒక వాలు కప్పి, రెండో వాలులో మూడో వంతు దాకా వచ్చేసరికి రేకులు అయిపోతాయి. అయితే నా సలహా ఆ రెండూ కాదు. నీ కొట్టానికి పదమూడున్నర ఫీట్ల రేకులు 26 సరిపోతాయి, పోళ్లు పాతలేదు కాబట్టి పొడవు కాస్త తగ్గిస్తే 24తోనే అయిపోతుంది. ఎలాగో చెప్తా, టేపు దగ్గర పెట్టుకుని చదువు.

షాపాయన ఏం చేశాడో నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. 40ని 24తో గుణించి 960 చదరపు ఫీట్లు అన్నాడు, 8 ఫీట్ల రేకును మూడున్నరతో గుణించి 28 అన్నాడు, దీన్ని దానితో భాగిస్తే 34 చిల్లర, అంటే 35. లెక్కలో తప్పు లేదు, కానీ అది నేల మీద పరిచే గచ్చుకు పనికొచ్చే లెక్క. పైకప్పు నేల కంటే పెద్దది, ఎందుకంటే అది ఏటవాలుగా లేచి దిగుతుంది, చుట్టూ గోడ దాటి బయటకు కూడా వస్తుంది. రేకేమో పూర్తిగా పనికి రాదు, ఒకదాని మీద ఒకటి ఎక్కినంత మేర పోతుంది. పైగా మూడు ముప్పాతిక రేకు కావాలంటే నాలుగు కొనాల్సిందే. ఈ మూడూ షాపాయన లెక్కలో లేవు.

అందుకే రేకుల విషయంలో మొత్తం చదరపు ఫీట్లు తీసుకుని భాగించే పద్ధతే వదిలెయ్. రెండు దిక్కులు విడివిడిగా చూడు. కొప్పు నుంచి చూరు దాకా దిగే దిక్కు ఒకటి, కొప్పు వెంట పొడవునా పోయే దిక్కు ఇంకొకటి. వాలు పెంచేది మొదటి దిక్కునే, రెండో దిక్కున వాలుతో సంబంధమే లేదు, 40 ఫీట్లు అక్కడ 40 ఫీట్లే. అలాగే రేకు తల మీద రేకు ఎక్కే ల్యాప్ మొదటి దిక్కులో వస్తుంది, పక్క పక్కన ఎక్కే ల్యాప్ రెండో దిక్కులో వస్తుంది. రెండూ కలిపి ఒక్కసారే "పది శాతం ఎక్కువ వేసుకుందాం" అంటే ఒకసారి మిగులుతుంది, ఒకసారి తక్కువ పడుతుంది, ఎందుకో మాత్రం ఎవరికీ అర్థం కాదు.

ముందు వాలు దిక్కు చూద్దాం. నీ పక్క పోళ్లు 9, కొప్పు 13, అంటే లేచేది 4 ఫీట్లు. అడ్డంగా పోయేది 24 కాదు, అందులో సగం 12, ఎందుకంటే కొప్పు నడుమ ఉంది. ఈ 12, ఈ 4 ఒక మూలమట్టం గీసుకుంటే దాని ఏటవాలు గీతే నీ కప్పు ఒక పక్క పొడవు. బడిలో చదివిన పైథాగరస్ సూత్రమే:

√(12² + 4²) = √160 = 12.65

12.65 ఫీట్లు అంటే 12 ఫీట్ల 7 ముప్పావు ఇంచులు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. సగం చేయకుండా 24, 4 వేసి లెక్క కడతారు, 24.33 వస్తుంది. అది చూసి వాలు వల్ల పెరిగేది నాలుగు ఇంచులేనా అనుకుంటారు. అది ఒకే పక్కకు వాలే పంచకు సరిపోయే లెక్క. నీది రెండు పక్కల వాలు, ఒక్కో పక్కే 7 ముప్పావు ఇంచులు పెరిగింది, రెండు కలిపితే 15 ఇంచుల పైమాట.

లెక్క మీద నమ్మకం కుదరకపోతే ఇంకో దారి ఉంది. వాకిట్లో గానీ కల్లంలో గానీ సుద్దతో 12 ఫీట్ల గీత గియ్యి, దాని చివర మూలమట్టంగా 4 ఫీట్ల గీత గియ్యి. మూల సరిగ్గా వచ్చిందా లేదా అనేది మేస్త్రీలు పునాది ముగ్గుకు చూసినట్టే చూడు: ఒక గీత మీద 3 ఫీట్ల దగ్గర, రెండో గీత మీద 4 ఫీట్ల దగ్గర గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 రావాలి. తర్వాత రెండు గీతల కొసలకు టేపు పట్టు. 12 ఫీట్ల 7 ముప్పావు చూపిస్తుంది. వెల్డర్‌ను కూడా పక్కన నిలబెట్టుకో, ట్రస్సు పైపు కోయడానికి అతనికీ ఇదే కొలత కావాలి.

కొలతలు తీసేటప్పుడు రెండు సంగతులు. వెడల్పు 24 అనేది పోళ్ల లోపలి నుంచి లోపలికా, బయటి నుంచి బయటికా అని తేల్చుకో. రేకు కప్పేది బయటి అంచు దాకా, కాబట్టి బయటి కొలతే తీసుకోవాలి. ఎత్తు కూడా పోలు తల దగ్గర కాకుండా రేకు కూర్చునే అడ్డ పైపు మీద నుంచి కొప్పు దగ్గరి అడ్డ పైపు మీదికి చూడాలి. అన్ని పైపులూ ఒకే సైజు అయితే తేడా రాదు, కానీ కొప్పు దగ్గర ఒక సైజు, చూరు దగ్గర ఒక సైజు వేస్తే వాలు మారిపోతుంది.

ఇప్పుడు ఈ పొడవుకు చూరు కలుపు. రేకు పక్క పోలు దాటి కిందికి ఒక ఫీటు రావాలి. అంత రాకపోతే వాన నీళ్లు పోలు మొదట్లోనే పడి మట్టి కోస్తాయి, జల్లు లోపలికి కొట్టి బర్లు పడుకునే చోటు తడుస్తుంది. మరీ ఎక్కువ వదిలినా కష్టమే. ఆధారం లేకుండా ఒక ఫీటు దాటి బయటికొచ్చిన పలుచటి రేకు మే నెల సాయంత్రాల గాలి దుమారానికి కొట్టుకుంటుంది, కొట్టుకుని కొట్టుకుని స్క్రూ చుట్టూ రంధ్రం పెద్దదవుతుంది, తర్వాత అక్కడి నుంచే లేస్తుంది. ఒక ఫీటు దగ్గర ఆపెయ్.

పైన కొప్పు దగ్గర మాత్రం కొంచెం తీసేయొచ్చు. రెండు పక్కల రేకులు సరిగ్గా కొప్పు గీత మీద తాకాల్సిన పని లేదు, దాని మీద రిడ్జి రేకు కూర్చుంటుంది కాబట్టి ఒక్కో పక్క 2 ఇంచుల లోపు ఖాళీ వదిలేస్తారు. అంటే 12 ఫీట్ల 7 ముప్పావు, దానికి చూరు ఒక ఫీటు కలిపి, పైన ఒకటి ముప్పావు ఇంచు తీసేస్తే 13 ఫీట్ల 6 ఇంచులు. నీ కప్పుకు ఒక పక్క కావలసిన రేకు పొడవు ఇదే. ఈ పదమూడున్నర నీ ఉత్తరం వెనకాలే రాసిపెట్టుకో, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

చూశావా, వాలు మరీ నిటారుగా లేకపోతే దాని వల్ల పెరిగేది తక్కువే. 12కు 4 లేస్తే వందకు 5 పెరుగుతుంది. 12కు 3 లేస్తే వందకు 3, 12కు 6 లేస్తే వందకు 12 దాకా పోతుంది. చూరు వల్ల పెరిగింది ఇక్కడ వాలు వల్ల పెరిగిన దానికంటే ఎక్కువ. అయినా ఆ 7 ముప్పావు ఇంచులను చిన్నచూపు చూడొద్దు. అది లెక్కలోకి తీసుకోకుండా, సగం వెడల్పు 12, చూరు 1, మొత్తం 13 అని 13 ఫీట్ల రేకులు కోయించుకున్నవాళ్లకు చూరు సగానికి సగం పోయి 6 ఇంచులే మిగులుతుంది. దాన్ని సరిచేద్దామని రేకును కిందికి లాగితే కొప్పు దగ్గర సందు ఒక్కో పక్క 8 ఇంచుల దాకా పోయి రిడ్జి రేకు సరిగ్గా అందదు.

ఇప్పుడు 8 ఫీట్ల రేకు సంగతి. పదమూడున్నర కప్పాలంటే ఒక్క రేకు చాలదు, కింద ఒకటి, దాని తల మీద ఎక్కించి పైన ఒకటి వెయ్యాలి. నీ వాలుకు ఆ ఎక్కింపు 6 ఇంచులు ఉండాలి. వాలు ఇంకా తక్కువైతే 8, 9 ఇంచులైనా పెట్టాలి, ఎందుకంటే వాలు తక్కువ ఉన్నచోట నీళ్లు నిదానంగా దిగుతాయి, వెనక నుంచి గాలి తోస్తే రెండు రేకుల సందులోంచి పైకి పాకి లోపలికి వస్తాయి. సరే, 6 ఇంచులు పెట్టాం. రెండు 8లు కలిపి 16, అందులో 6 ఇంచులు పోతే పదిహేనున్నర కప్పుతుంది. నీకు కావలసింది పదమూడున్నర. అంటే ప్రతి వరసలో 2 ఫీట్ల రేకు ఊరికే పోతోంది. దాన్ని కోసి పారేస్తారు, లేదా కోయడానికి బద్ధకించి ల్యాప్‌లోకే తోసేసి రెండున్నర ఫీట్ల ల్యాప్ పెట్టేస్తారు. ఎలా చేసినా పైసలు నీవే.

షాపులో పదమూడున్నరకు కోసిస్తారేమో అడుగు. కలర్ రేకులు చుట్టల్లోంచి తీసి మిషన్ మీద కావలసిన పొడవుకు తయారు చేసేవే, నల్గొండలోనో మిర్యాలగూడలోనో పెద్ద షాపుకు పోతే ఆర్డర్ ఇచ్చి చేయించుకోవచ్చు. అప్పుడు కొప్పు నుంచి చూరు దాకా ఒకటే రేకు, నడుమ అతుకే ఉండదు, అతుకు లేనిచోట కారే భయమూ లేదు. ట్రాక్టర్ ట్రాలీలో తెస్తే రేకు వెనక బయటికి వస్తుంది, దానికి ఎర్రగుడ్డ కట్టి, ట్రాలీ చివర రేకులు వంగకుండా కింద రెండు వెదురు బొంగులు పొడవునా వెయ్యి.

పొడవు రేకు మీ ఊరి బాటలో రాదనుకుంటే 8 ఫీట్లది ఒకటి, 6 ఫీట్లది ఒకటి తీసుకో. రెండూ కలిపి 14, ల్యాప్ 6 ఇంచులు పోతే సరిగ్గా పదమూడున్నర. కాకపోతే ఈ పద్ధతిలో పోతే వెల్డర్‌కు ముందే చెప్పాలి, ఎందుకంటే ల్యాప్ సరిగ్గా అడ్డ పైపు మీద పడాలి. కింద 8 ఫీట్ల రేకు వేస్తే అందులో ఒక ఫీటు చూరుకు పోయింది, పైకొస కింది పైపు నుంచి 7 ఫీట్ల దూరంలో ఉంటుంది, ల్యాప్ నడిమధ్య 6 ఫీట్ల 9 ఇంచుల దగ్గర. అక్కడ ఒక అడ్డ పైపు కచ్చితంగా ఉండాలి. పైపులన్నీ వెల్డింగ్ అయిపోయాక ఈ మాట గుర్తొస్తే ల్యాప్ గాల్లో ఉంటుంది, మనిషి కాలు పెడితే వంగి సందు తెరుచుకుంటుంది.

వాలు దిక్కు అయిపోయింది, ఇక పొడవు దిక్కు. ఇక్కడ నీకు చెప్పిన మూడున్నర ఫీట్లు నన్ను ఇబ్బంది పెడుతోంది. అది రేకు ఈ కొస నుంచి ఆ కొసకు మొత్తం వెడల్పు. రేకు పక్కన రేకు వేసేటప్పుడు ఒక ఎత్తు మడత మీద ఇంకో రేకు మడత ఎక్కి కూర్చోవాలి, అంత మేర లెక్కలోంచి పోతుంది. ఎంత పోతుందనేది కంపెనీని బట్టి, మడత ఆకారాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఎవరి నోటి మాటా వినకు. షాపులోనే కింద మూడు రేకులు పక్కపక్కన పరిపించు, మడతలు ఎక్కించి, మొత్తం మీద టేపు పట్టు. మూడున్నర అన్న రేకులు మూడు కలిపితే పదిన్నర ఫీట్లు, అంటే 126 ఇంచులు రావాలి కదా, 120 ఇంచులే వచ్చిందనుకో. రెండు ల్యాప్‌లకు 6 ఇంచులు పోయాయి, ఒక్కోదానికి 3. అంటే మొదటి రేకు 42 ఇంచులు కప్పుతుంది, దాని తర్వాత వేసే ప్రతి రేకూ 39 ఇంచులే కప్పుతుంది. మూడు రేకులు పరచడం ఎందుకంటే, ఒక్క ల్యాప్ కొలిస్తే అర ఇంచు అటూ ఇటూ తెలియదు, రెండు కొలిస్తే తెలుస్తుంది. ఆ అర ఇంచే పన్నెండు ల్యాప్‌లకు 6 ఇంచులవుతుంది. నీకు ఇక్కడ 42, 39 అనుకునే లెక్క చెప్తున్నా, నీ టేపు వేరే చూపిస్తే ఆ అంకెలు పెట్టుకో.

కొట్టం పొడవు 40 ఫీట్లు, రెండు కొసల్లో ఆరేసి ఇంచులు బయటికి వదిలితే 41 ఫీట్లు, అంటే 492 ఇంచులు. మొదటి రేకు 42 తీసేస్తే 450 మిగిలింది. దాన్ని 39తో భాగిస్తే పదకొండున్నర దాటింది, అంటే ఇంకో 12 రేకులు. మొత్తం 13 వరసలు. రెండు పక్కలా కలిపి 26. పదమూడున్నర ఫీట్ల రేకు ఒక్కోటే వేస్తే 26 రేకులు, 8 ఫీట్లవి రెండేసి వేస్తే 52. నీ వెల్డర్ చెప్పిన అంకె ఇదే, అతనేం ఎక్కువ చెప్పలేదు.

అసలు 35 ఎలా 52 అయిందో ఒకసారి చూడు, తర్వాత ఎవరు లెక్క చెప్పినా ఎక్కడ తప్పారో నీకే తెలుస్తుంది. వాలు, చూరు, కొసలు కలిపితే కప్పు రెండు పక్కలా పదమూడున్నర, పొడవు 41, అంటే 1,107 చదరపు ఫీట్లు. దాన్నే 28తో భాగిస్తే 40 రేకులు. ల్యాప్‌లు తీసేస్తే 8 ఫీట్ల రేకు నిజంగా కప్పేది ఏడున్నర బై మూడుంపావు, 24 చదరపు ఫీట్ల పైచిలుకు, అప్పుడు 46. మిగతా 6 ఎక్కడివంటే, కోసి పారేసేవి, ల్యాప్‌లోకి తోసేసేవి, నీ కొలతకు రేకు పొడవు, వెడల్పు సరిపడక మిగిలేవి. నిజం చెప్పాలంటే నువ్వు తగ్గించుకోగలిగింది ఈ ఆఖరి ముక్కనే. వాలును, ల్యాప్‌ను తగ్గిస్తే కొట్టం కారుతుంది, కోత పడేదాన్ని తగ్గిస్తే డబ్బు మిగులుతుంది.

పొడవు దిక్కులో ఆ ముక్క ఎక్కడుందో చూడు. 13 వరసలు వేస్తే మొత్తం 510 ఇంచులు, 42 ఫీట్ల 6 ఇంచులు కప్పుతుంది. నీకు కావలసింది 41. ఒక్క వరస తగ్గించి 12 వేస్తే 471 ఇంచులు, 39 ఫీట్ల 3 ఇంచులు. 40 ఫీట్ల కొట్టానికి అది 9 ఇంచులు తక్కువ. అంటే ఆ 9 ఇంచుల కోసం, కొసల్లో వదిలే ఆరేసి ఇంచుల కోసం రెండు నిండు రేకులు కొంటున్నావన్నమాట. పోళ్లు పాతలేదన్నావు కాబట్టి ముగ్గు చెరిపి పొడవు 38 ఫీట్ల 6 ఇంచులకు తెచ్చుకో. 12 వరసలు 39 ఫీట్ల 3 ఇంచులు కప్పుతాయి, రెండు కొసల్లో నాలుగున్నర ఇంచుల చొప్పున బయటికి వస్తుంది. కొసల్లో రేకు ముక్కలతో మూసేటట్టయితే ఇది చాలు. మొత్తం 24 రేకులు. ఒకటిన్నర ఫీట్ల పొడవు తగ్గితే బర్రెకు ఇచ్చే చోటు ఏమైనా ఇరుకవుతుందా అనేది నువ్వే చూసుకోవాలి, ఒక చివర మేత వేసే చోటు ఉంటే అక్కడ తగ్గించు.

లేదు, 40 ఫీట్లు కావాల్సిందే అంటే 13 వరసలే వెయ్యి, కానీ మిగిలిన 18 ఇంచులు కోసి పారేయకు. రెండు చోట్ల పక్క ల్యాప్ ఒక మడతకు బదులు రెండు మడతలు ఎక్కించు. చాలా కలర్ రేకుల్లో ఒక మడత నుంచి ఇంకో మడతకు దూరం 8 ఇంచుల దగ్గర్లో ఉంటుంది, రెండు చోట్ల కలిపి 16 ఇంచులు అందులో సర్దుకుంటాయి. కోత లేదు, కోసిన అంచుకు తుప్పు లేదు, జల్లు ఎక్కువ కొట్టే పడమటి కొసన ఆ రెండు ల్యాప్‌లు పెట్టుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది.

రేకులు ఏ కొస నుంచి మొదలుపెట్టాలనేది కూడా ఇక్కడే చెప్తా. మనకు వానాకాలం గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. నీ కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే తూర్పు కొస నుంచి మొదలుపెట్టి పడమటి వైపు పో. ప్రతి కొత్త రేకు ముందు రేకు మీద ఎక్కుతుంది కాబట్టి సందు నోరు తూర్పుకు ఉంటుంది, పడమటి జల్లు దాని వీపు మీద కొట్టుకుంటూ పోతుంది. తిరగేసి మొదలుపెడితే రేకుల సంఖ్య అదే, ల్యాప్ అదే, కానీ గాలివానకు నీళ్లు సందులోకే దూరుతాయి. అలా కారుతోందా అని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే నీళ్లు ల్యాప్ కిందనే పడవు, అడ్డ పైపు వెంట పాకి దూరంగా ఎక్కడో బొట్టు పడుతుంది. బొట్టు పడ్డచోట ఎం-సీల్ పూసేవాళ్లను చాలామందిని చూశా, పని చేయదు. పైపు మీద తడి గీతో తుప్పు చారో ఎక్కడ మొదలైందో వెతికి, ఆ పైన ఉన్న ల్యాప్ చూడాలి.

ముగ్గు మళ్లీ పోసేటప్పుడు తప్పక చేయాల్సింది ఇంకోటి ఉంది. నాలుగు మూలలకు ఎదురెదురుగా టేపు పట్టి రెండు ఐమూలలూ సమానంగా వచ్చాయా చూడు. 40 బై 24 అయితే ఐమూల 46 ఫీట్ల 7 ముప్పావు ఇంచులు, 38 ఫీట్ల 6 ఇంచులు చేస్తే 45 ఫీట్ల నాలుగున్నర ఇంచులు. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ వస్తే కొట్టం వంకరగా ఉన్నట్టే. రేకు మాత్రం వంకర పోదు, దాని అంచు నిటారుగానే ఉంటుంది, కాబట్టి చూరు దగ్గర ప్రతి రేకూ ముందు దానికంటే కొంచెం దిగుతూ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ మెట్లు సరిచేద్దామని రేకును తిప్పితే పక్క ల్యాప్ ఒక కొసన 3 ఇంచులు, ఇంకో కొసన ఇంచు కూడా ఉండదు. కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా ఒక రేకు తక్కువ పడిందంటే చాలాసార్లు కారణం ఇదే.

రిడ్జి రేకులు వేరే లెక్క, షాపాయన చీటీలో అవి ఉన్నాయో లేదో చూసుకో. కొప్పు పొడవు 38న్నర ఫీట్ల కొట్టానికి 39 ఫీట్ల 3 ఇంచులు. రిడ్జి ముక్క 8 ఫీట్లది దొరికితే, మొదటిది 8 కప్పుతుంది, ఆ తర్వాతివి 6 ఇంచుల ల్యాప్ పోయి ఏడున్నర చొప్పున. 31 ఫీట్ల 3 ఇంచులను ఏడున్నరతో భాగిస్తే నాలుగు దాటింది, అంటే ఇంకో 5, మొత్తం 6 ముక్కలు. రిడ్జి రెక్క రేకు మీద ఒక్కో పక్క కనీసం 6 ఇంచులు ఎక్కాలి, కొప్పు దగ్గర 2 ఇంచుల ఖాళీ వదిలాం కాబట్టి రెక్క వెడల్పు 8 ఇంచులకు తగ్గకుండా తీసుకో.

అదనంగా ఒక్క రేకు తెచ్చుకో, అంతకు మించి వద్దు. ఇనుప రేకు పగలదు, దించేటప్పుడు ఒకటి మడత పడొచ్చు, లేదా రంధ్రం తప్పుచోట పడొచ్చు. మిగిలితే కొసలు మూయడానికి పనికొస్తుంది.

మధ్యలో ఎవరైనా సిమెంటు రేకులు చవక అని మనసు మారిస్తే ఈ అంకెలు పనికిరావు. సిమెంటు రేకు మొత్తం వెడల్పు 1.05 మీటర్లు, పక్క ల్యాప్ పోగా కప్పేది 1.01 మీటర్లు, తల మీద ల్యాప్ 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పొడవులు ఫ్యాక్టరీ నుంచి మీటర్లలో వస్తాయి, షాపులో ఫీట్లలో చెప్తారు, కాబట్టి అక్కడా టేపు పట్టాల్సిందే. అడ్డ పైపుల మధ్య దూరం 6 మిల్లీమీటర్ల మందం రేకుకు 1.4 మీటర్లు దాటొద్దు. ట్రాలీలో పగిలేవి ఉంటాయి కాబట్టి అదనంగా రెండు మూడు కావాలి. ఆ రేకును పొడిగా కోస్తే లేచే దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, నీళ్లు పోసి తడిపి చేతి రంపంతో కోయాలి, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి, పిల్లలు అక్కడ ఉండొద్దు. నన్నడిగితే నీ కొట్టానికి కలర్ రేకే ఉంచు.

బేరం మాట ఒకటి మిగిలింది. షాపులో చదరపు ఫీటు లెక్కన బిల్లు వేస్తే మొత్తం వెడల్పు మూడున్నరకే వేస్తారు, కప్పేది మూడుంపావే. అది మోసం కాదు, ల్యాప్‌లో ఉన్న రేకు కూడా రేకే. కానీ ఇద్దరు షాపోళ్ల రేట్లు పోల్చేటప్పుడు ఒకరి రేకు 39 ఇంచులు కప్పి, ఇంకొకరిది 40 కప్పితే, రెండోది చదరపు ఫీటుకు కాస్త ఎక్కువున్నా నీకు చవకగా పడొచ్చు, వరసలు తగ్గే అవకాశం కూడా ఉంది. మందం కూడా ఒకటేనా అడుగు, పలుచటి రేకుతో రేటు తగ్గించి చెప్పడం మామూలే. ఆర్డర్ చీటీలో "రేకులు 24" అని ఒక్క ముక్క రాయించుకుని రాకు. పొడవు 13 ఫీట్ల 6 ఇంచులు, మొత్తం వెడల్పు 42, కప్పే వెడల్పు 39, మందం ఎంత, అదనంగా 1, రిడ్జి 8 ఫీట్లవి 6 అని రాయించు. ట్రాలీలోకి ఎక్కించే ముందు పైన రెండు, అడుగున రెండు రేకులకు టేపు పట్టి చూడు. 24 రేకుల్లో నాలుగు 13 ఫీట్లవి వచ్చినా ఇంటికొచ్చి పైకెక్కించే దాకా తెలియదు.